“వారంలో కట్టేస్తాం, రేటు తగ్గించండి”: పంపేముందు జవాబును దిద్దుకోవడం ఎలా?

కొనుగోలుదారు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: “మీ రేటు కాస్త ఎక్కువగా ఉందండి. 10 శాతం తగ్గిస్తే వారంలో పేమెంట్ చేసేస్తాం. కన్ఫర్మ్ చేయండి.” మీరు గబగబా జవాబు టైప్ చేశారు కానీ ఇంకా పంపలేదు. అక్కడే ఆగండి. ఇలాంటి జవాబులో రెండు మూడు మాటలు అటూ ఇటూ అయితే రేటు శాశ్వతంగా తగ్గిపోతుంది, డబ్బు మాత్రం ఎప్పటిలాగే ఆలస్యంగా వస్తుంది. రెండూ నాకు అనుభవమే.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. మీరు అట్టపెట్టెలు తయారు చేసి అమ్ముతారు అనుకోండి. ఆర్డర్ 5,000 పెట్టెలు, పెట్టె 40 చొప్పున మొత్తం 2,00,000. ఒక్కో పెట్టెకు మీకయ్యే ఖర్చు 32. మామూలు షరతు ప్రకారం బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో డబ్బు రావాలి. ఏ కరెన్సీ అయినా లెక్క మారదు కాబట్టి అంకెలు మాత్రమే రాస్తున్నాను.

ముందు కాగితం మీద లెక్క వేయండి

మాటలు దిద్దడానికి ముందు, ఆ వారం మీకు ఎంత విలువైనదో తెలియాలి. ఇది తెలియకుండా మొదలుపెడితే ఎన్నిసార్లు దిద్దినా జవాబులో తడబాటు పోదు.

10 శాతం అంటే 20,000. పెట్టెకు 8 చొప్పున ఈ ఆర్డర్ మీద మీ లాభం 40,000. అంటే ఆయన అడుగుతున్నది బిల్లులో పదో వంతే అయినా మీ లాభంలో అది సగం. పెట్టె 36కు అమ్మి ఇదే లాభం తెచ్చుకోవాలంటే 5,000 బదులు 10,000 పెట్టెలు చేయాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. డబ్బు ముందుగా వస్తే మీకు మిగిలేది ఎంత? 30వ రోజు బదులు 7వ రోజు వస్తే 23 రోజులు ముందుగా వచ్చినట్టు. మీరు వ్యాపారానికి తెచ్చుకునే అప్పు మీద ఏడాదికి 15 శాతం వడ్డీ కడుతున్నారనుకుందాం. 2,00,000 మీద 23 రోజుల వడ్డీ దాదాపు 1,890. అది బిల్లులో ఒక శాతం కూడా లేదు. ఆ 1,890 కోసం 20,000 వదులుకోవడం అంటే ఏడాదికి 170 శాతం పైచిలుకు వడ్డీకి అప్పు తెచ్చుకున్నట్టే.

కానీ ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈయన ఏనాడూ 30వ రోజున కట్టలేదు. మీ లెడ్జర్ తెరిచి ఆయన కట్టిన గత ఐదారు బిల్లులు చూడండి. బిల్లు తేదీకీ డబ్బు ఖాతాలో పడిన తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి సగటు తీయండి. మన ఉదాహరణలో ఆ సగటు 45 రోజులు అనుకుందాం. అప్పుడు 7వ రోజున వచ్చే డబ్బు 38 రోజులు ముందుగా వచ్చినట్టు. దాని వడ్డీ సుమారు 3,120. నాలుగుసార్లు ఫోన్ చేసి అడిగే బాధ తప్పినందుకు ఇంకో తొమ్మిది వందల దాకా కలుపుకున్నా 4,000 అవుతుంది, అంటే 2 శాతం. ఈ కొనుగోలుదారు విషయంలో మీ హద్దు అదే. ఆ అంకెను పక్కన రాసి పెట్టుకోండి.

లెడ్జర్ చూడడం వల్ల ఇంకో లాభం ఉంది. కొందరు అసలే పది రోజుల్లోపు కట్టేస్తుంటారు, ఆ సంగతి వాళ్లకే గుర్తుండదు, మనకీ గుర్తుండదు. అలాంటివాళ్లు “వారంలో కడతాం” అంటే కొత్తగా ఇస్తున్నది ఏమీ లేనట్టే. అప్పుడు జవాబు పూర్తిగా వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

మొదటి డ్రాఫ్ట్‌ని ఎదుటివాళ్ల కళ్లతో చదవండి

మీరు టైప్ చేసిన జవాబు ఇలా ఉందనుకోండి:

“సరేనండి, మీరు మా పాత కస్టమర్ కాబట్టి కాదనలేకపోతున్నాం. నిజానికి మాకు మార్జిన్ చాలా తక్కువ, పేపర్ రేట్లు కూడా బాగా పెరిగాయి, 10 శాతం అంటే కష్టం. అయినా ఎంతో కొంత చూస్తాం, 2 శాతం వరకు తగ్గించగలం అనుకుంటున్నాం. రేటు 39.20 చేసి బిల్లు పంపిస్తాం, మీరు మాత్రం దయచేసి వారం లోపు పేమెంట్ పంపించండి. ఇంతకుముందులాగా లేటు కాకుండా చూడండి.”

మర్యాదగానే ఉంది. ఇచ్చేది 2 శాతమే కాబట్టి లెక్క కూడా తప్పలేదు. అయినా ఈ జవాబు పంపకూడదు. ఎందుకో ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

మొదటి మాట “సరేనండి”. మనం అది మర్యాదకు అంటాం, “మీ మాట విన్నాను” అన్న అర్థంలో. చదివేవాళ్లు మాత్రం ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. పైగా ఫోన్‌లో నోటిఫికేషన్‌గా కనిపించేది మొదటి లైనే. ఆయన 10 శాతం అడిగాడు, మీరు “సరేనండి” అన్నారు. కింద ఏం రాసినా, కొనుగోలు చూసేవాళ్లు తమ పైవాళ్లకు ఒప్పుకున్నారని చెప్పేసి ఉంటారు. కాబట్టి మొదట చేయాల్సిన దిద్దుబాటు ఇదే: “సరే”, “అలాగే”, “తప్పకుండా” లాంటివి మొదటి వాక్యంలోంచి తీసేయండి. “నమస్కారం, మీ మెసేజ్ అందింది” చాలు.

తర్వాత “కష్టం” అన్న మాట. బేరంలో దీనికి “కుదరదు” అని అర్థం లేదు. “ఇంకొంచెం గట్టిగా అడిగితే రావచ్చు” అనే వినిపిస్తుంది. “చూస్తాం”, “వరకు”, “అనుకుంటున్నాం” కూడా ఆ కోవలోవే. ఒకే వాక్యంలో మూడు తలుపులు తెరిచి పెట్టారు. 10 శాతం ఇవ్వనని మీరు నిర్ణయించుకుంటే ఒక్కసారి, ఒక్క వాక్యంలో “10 శాతం తగ్గించడం కుదరదు” అని రాయండి. దాని చుట్టూ క్షమాపణలు వద్దు. ‘కుదరదు’ అనడం మొరటు అనిపిస్తుందేమోనని భయపడతాం కానీ, వెంటనే కింద మీరు ఏం ఇవ్వగలరో ఉంటే అది మొరటుగా అనిపించదు.

మార్జిన్ తక్కువ, పేపర్ రేట్లు పెరిగాయి అన్న వాక్యాన్ని పూర్తిగా కొట్టేయండి. అది నిజమే కావచ్చు. కానీ కారణం చెప్పగానే ఎదుటివాళ్లకు దాని మీద వాదించే అవకాశం వస్తుంది. “పేపర్ రేటు పోయిన నెల తగ్గింది కదండీ” అని ఒక మెసేజ్ వస్తుంది, మీరు దానికి జవాబు రాయాలి, చర్చ అసలు విషయం నుంచి పక్కకు పోతుంది. పైగా ఆయన అడిగింది మీ ఖర్చుల గురించి కాదు. త్వరగా కట్టినందుకు ఏమిస్తారని అడిగాడు. దానికే జవాబివ్వండి.

“ఇంతకుముందులాగా లేటు కాకుండా” అన్నది కోపం. డ్రాఫ్ట్‌లో రాసుకుంటే పర్వాలేదు, రాయకపోతే ఆ కోపం వేరే చోట బయటపడుతుంది. పంపే ముందు మాత్రం తీసేయాలి. ఆలస్యాన్ని అదుపు చేసేది ఆ దెప్పిపొడుపు కాదు, కింద రాయబోయే తేదీ.

అసలు మరమ్మతు: రేటును ముట్టుకోకండి

డ్రాఫ్ట్‌లో అన్నిటికంటే పెద్ద పొరపాటు “రేటు 39.20 చేసి బిల్లు పంపిస్తాం”. ఇది చిన్నదిగా కనిపిస్తుంది. 40లో 2 శాతం తీస్తే 39.20 వస్తుంది కాబట్టి లెక్కలో తేడా లేదు. తేడా వచ్చేది రికార్డులో. కొనుగోలుదారు సిస్టమ్‌లో “పెట్టె 39.20” అని నమోదైతే వచ్చే ఆర్డర్ ఆ రేటుతోనే వస్తుంది. అప్పుడు వారంలో కట్టే మాట ఎవరికీ గుర్తుండదు. ఇంకో ఆరు నెలలకు “40 నుంచి తగ్గించండి” అనరు, “39.20 నుంచి తగ్గించండి” అంటారు.

అందుకే జవాబులో రేటు 40 గానే ఉండాలి, బిల్లులోనూ 40 గానే ఉండాలి. ఇచ్చేది రేటులో తగ్గింపు కాదు, ముందుగా కట్టినందుకు ఇచ్చే క్యాష్ డిస్కౌంట్. బిల్లులో దాన్ని విడిగా ఒక లైన్‌లో, షరతుతో సహా రాయాలి. “రేటు తగ్గిస్తున్నాం” అని ఎక్కడ రాసి ఉన్నా దాన్ని “ముందు చెల్లింపుకు డిస్కౌంట్” అని మార్చండి.

రెండో సంగతి, వాక్యంలో ఏది ముందు ఏది వెనక అన్నది. డ్రాఫ్ట్‌లో “తగ్గిస్తాం, మీరు కట్టండి” అని ఉంది. ఇందులో మీ మాట హామీ, ఆయన వంతు వినతి. మీరు తగ్గించడం ఖాయం, ఆయన కట్టడం ఆయన ఇష్టం. కొనుగోలుదారు మెసేజ్ చూడండి: “తగ్గిస్తే కడతాం” అన్నాడు. ఆయన షరతును ‘తే’ మీద నిలబెట్టి, ముందు అడుగు మీరే వేయాలన్నాడు. మీరు అదే ‘తే’ను తిప్పి పెట్టాలి: “కడితే తగ్గిస్తాం.” మీ డ్రాఫ్ట్‌లో తగ్గింపు మాట ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించండి, దానికి ముందు అదే వాక్యంలో ‘తే’తో ముగిసే షరతు ఉండాలి. షరతు వేరే వాక్యంలో ఉంటే సరిపోదు, ఎందుకంటే ఫార్వర్డ్ చేసేవాళ్లు తమకు కావాల్సిన వాక్యాన్నే కాపీ చేసుకుంటారు.

“వారం” అనే మాటను తీసేయండి

ఒకసారి నేను “వారం లోపు చెల్లిస్తే” అని రాసి పంపాను. నా లెక్క బిల్లు తేదీ నుంచి. అవతలివాళ్ల లెక్క సరుకు దించి, తనిఖీ చేసి, బాగుందని సంతకం పెట్టిన రోజు నుంచి. ఆ సంతకం పన్నెండో రోజున పడింది. వాళ్లు అక్కడి నుంచి ఏడో రోజున డిస్కౌంట్ పట్టుకుని డబ్బు పంపారు. నేను ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే ఎప్పటి నుంచి వారమో నేను రాయలేదు.

వారం ఆర్డర్ ఇచ్చిన రోజు నుంచి కావచ్చు, బిల్లు తేదీ నుంచి కావచ్చు, సరుకు చేరిన రోజు నుంచి కావచ్చు. ఏడు రోజులా, ఏడు పనిదినాలా అన్నది ఇంకో ప్రశ్న. వీటన్నిటికీ ఒకటే మందు, క్యాలెండర్ తేదీ రాయడం. బిల్లు జూన్ 6న ఇస్తున్నారు కాబట్టి “జూన్ 13” అని రాయండి. ఆ రోజు బ్యాంకులకు సెలవు కాదని ముందే చూసుకోండి, సెలవైతే తర్వాతి పనిదినం మీరే రాయండి. బిల్లు ఏ రోజు ఇస్తారో ఇంకా తేలకపోతే మాత్రం “బిల్లు తేదీని లెక్కలోంచి వదిలేసి, ఆ తర్వాత ఏడో రోజు” అని రాసి, బిల్లు ఇచ్చిన రోజే ఆ తేదీని మళ్లీ తెలియజేయండి.

‘లోపు’ అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. “13 లోపు” అంటే 13వ తేదీ కలుస్తుందా, కలవదా? పదిమందిని అడిగితే రెండు జవాబులూ వస్తాయి. “జూన్ 13 సాయంత్రం 5 గంటల కల్లా” అంటే ఆ గొడవ ఉండదు.

తర్వాత క్రియ. “పంపిస్తే”, “చెల్లిస్తే” అన్నవి ఆయన చేసే పని గురించి చెబుతాయి. చెక్కు రాసి ఇవ్వడం కూడా పంపడమే, అది మారడానికి ఇంకో మూడు రోజులు పట్టినా సరే. “ఇవాళ పెట్టేశామండి, రేపు వస్తుంది” కూడా పంపడమే. మీకు కావాల్సింది డబ్బు చేరడం. కాబట్టి “మా ఖాతాలో జమ అయితే” అని రాయండి. ఈ ఒక్క మార్పుతో బ్యాంకు ఆలస్యం, చెక్కు ఆలస్యం అన్నీ కట్టేవాళ్ల బాధ్యత అవుతాయి, అందువల్ల వాళ్లు ఒకటి రెండు రోజులు ముందే పంపుతారు.

ఎంత మీద, ఏ ఆర్డర్‌కు, దాటితే ఏమిటి?

ఈ మూడూ త్వరగా చూద్దాం. “2 శాతం” అని మాత్రమే రాస్తే దేని మీద అన్నది మిగిలిపోతుంది. రవాణా ఖర్చు, పన్ను విడిగా వేస్తుంటే వాటి మీద కూడా 2 శాతం కోసుకునేవాళ్లు ఉంటారు. అందుకే శాతంతో పాటు మొత్తాన్ని అంకెల్లో రాయండి: తగ్గింపు 4,000, కట్టాల్సింది 1,96,000. శాతాన్ని ఎవరైనా ఎలాగైనా లెక్కించుకోగలరు, 1,96,000ను మాత్రం ఇంకోలా చదవలేరు. షరతు మీద ఆధారపడిన డిస్కౌంట్ ఉన్నప్పుడు పన్ను ఏ మొత్తం మీద వేయాలి, తర్వాత క్రెడిట్ నోట్ ఇవ్వాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బిల్లు చేయకముందే మీ అకౌంటెంట్‌ను అడగండి.

ఇది ఏ ఆర్డర్‌కో చెప్పడానికి “ఈసారికి” అని రాయకండి. ఆ మాటలో “వచ్చేసారి మళ్లీ అడగొచ్చు” అన్న ధ్వని ఉంది. ఆర్డర్ నంబర్ రాసి “ఈ ఆర్డర్‌కు మాత్రమే” అంటే సరిపోతుంది. అలాగే “మనం అనుకున్నట్టు” అన్న మాట డ్రాఫ్ట్‌లో ఉంటే తీసేయండి. మీరింకా ఏమీ అనుకోలేదు, ఆ ‘మనం’ పాత ఒప్పందం ఏదో ఉన్నట్టు చూపిస్తుంది.

గడువు దాటితే ఏమవుతుందో రాయడానికి చాలామంది మొహమాటపడతారు. “కట్టరని అనుమానిస్తున్నారా” అనుకుంటారేమోనని. బెదిరింపులా రాస్తే అలాగే అనుకుంటారు. మామూలు షరతును గుర్తుచేస్తున్నట్టు రాస్తే అనుకోరు. “ఆ తేదీ తర్వాత అయితే ఎప్పటిలాగే జూలై 6 కల్లా పూర్తి మొత్తం 2,00,000.” ఇందులో శిక్ష ఏమీ లేదు, ఇప్పటికే ఉన్న షరతే. కానీ ఈ వాక్యం లేకపోతే, 40వ రోజున 1,96,000 పంపి “2 శాతం అనుకున్నాం కదా” అంటారు.

ఆఖరుగా, మీ మాటకు కూడా ఒక గడువు ఉండాలి. రేపో మాపో ఒప్పుకుంటారనుకుని మీరు రాసిన దాన్ని మూడు నెలల తర్వాత బయటికి తీస్తే ఇబ్బంది. “ఒప్పుకుంటే జూన్ 3 కల్లా తెలియజేయండి” అని ఒక్క లైన్ చాలు.

దిద్దిన తర్వాత

ఇప్పుడు జవాబు ఇలా ఉంటుంది:

“నమస్కారం. ఆర్డర్ నంబర్ … గురించి మీ మెసేజ్ అందింది.

10 శాతం తగ్గించడం కుదరదు. రేటు పెట్టె 40 గానే ఉంటుంది. బిల్లు జూన్ 6న ఇస్తాం. జూన్ 13 సాయంత్రం 5 గంటల కల్లా డబ్బు మా ఖాతాలో జమ అయితే, ముందు చెల్లింపుకు 2 శాతం, అంటే 4,000 డిస్కౌంట్ ఇస్తాం. అప్పుడు మీరు కట్టాల్సింది 1,96,000. ఆ తేదీ తర్వాత అయితే ఎప్పటిలాగే జూలై 6 కల్లా పూర్తి మొత్తం 2,00,000.

ఈ డిస్కౌంట్ ఈ ఆర్డర్‌కు మాత్రమే. మీకు సమ్మతమైతే జూన్ 3 కల్లా తెలియజేయండి, బిల్లులో ఈ షరతు రాసి పంపిస్తాం.”

ఇచ్చింది అదే 2 శాతం. కానీ డ్రాఫ్ట్ పంపి ఉంటే 4,000 ఈరోజే పోయేది, డబ్బు ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. ఇప్పుడైతే డబ్బు వస్తేనే 4,000 పోతుంది.

పాత కస్టమర్‌తో ఇంత ముక్తసరిగా ఏం బాగుంటుంది అనిపిస్తే, ముందు ఫోన్‌లో కాసేపు మాట్లాడండి. కుశల ప్రశ్నలు, పాత పరిచయం, మార్జిన్ బాధలు అన్నీ అక్కడ చెప్పుకోవచ్చు. రాతలో మాత్రం ఇవే ఉండనివ్వండి. ఫోన్‌లో ఆప్యాయంగా, కాగితం మీద కచ్చితంగా ఉండడంలో తప్పేమీ లేదు.

పంపే ముందు ఒక పరీక్ష పెట్టండి. కొనుగోలుదారు ఆఫీసులో డబ్బు పంపేది మీతో బేరమాడిన మనిషి కాకపోవచ్చు, అకౌంట్స్ చూసే ఎవరో అవుతారు. వాళ్లకు మీ సంభాషణ ఏమీ తెలియదు. మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఈ బేరం సంగతి తెలియని ఒకరికి జవాబు చూపించి, రెండే ప్రశ్నలు అడగండి: “జూన్ 12న కడితే ఎంత? జూన్ 20న కడితే ఎంత?” తడుముకోకుండా 1,96,000, 2,00,000 అని చెబితే పంపండి. “అది… శాతం లెక్కేసి…” అంటూ మొదలుపెడితే ఇంకోసారి దిద్దాలి. ఇంకో ఐదు నిమిషాలు పోతాయి, అంతే.

అంకెలు కూడా విడిగా ఒకసారి సరిచూడండి. డ్రాఫ్ట్‌ను అటూ ఇటూ మారుస్తున్నప్పుడు శాతం మార్చి మొత్తం మార్చడం మరిచిపోవడం తరచూ జరిగే పొరపాటు. 3 శాతం అని ఉండి 1,96,000 అని ఉంటే, ఎవరైనా తమకు లాభమైన అంకెనే పట్టుకుంటారు.

ఇంకా బేరమాడితే, అసలు ఇవ్వకూడదనుకుంటే

“కనీసం 5 శాతం చేయండి” అని మళ్లీ రావచ్చు. ఇక్కడ జవాబు దిద్దడం కంటే లెక్క కాగితం చూడడం ముఖ్యం. 7 రోజులకు మీ హద్దు 2 శాతం. శాతం పెరగాలంటే ఆయన వైపు నుంచి కూడా ఏదో పెరగాలి. ఉదాహరణకు బిల్లుకు పది రోజుల ముందే, ఆర్డర్‌తో పాటే మొత్తం డబ్బు కడితే 55 రోజులు ముందుగా వచ్చినట్టు. దాని వడ్డీ 4,500 పైచిలుకు, పైగా డబ్బు రాదేమో అన్న టెన్షన్ అసలుండదు. దానికి 3 శాతం ఇవ్వొచ్చు. అప్పుడు జవాబు: “జూన్ 13కు కడితే 2 శాతమే. మొత్తం అడ్వాన్స్‌గా మే 27 కల్లా జమ అయితే 3 శాతం.” మే 27 దాటిపోయి ఉంటే ఈ మాట ఎత్తకండి. ఏమీ పెంచకుండా శాతం మాత్రం పెంచమంటే, ముందు పంపిన జవాబునే చూడమని మర్యాదగా చెప్పి ఊరుకోండి. కొత్త కారణాలు రాయకండి.

ఇందాక చెప్పినట్టు, ఎప్పుడూ త్వరగానే కట్టే కొనుగోలుదారు అయితే డిస్కౌంట్ అవసరం లేదు. అప్పుడు రెండు వాక్యాలు చాలు: “మీరు ఎప్పుడూ సకాలంలో కడుతున్నందుకు ధన్యవాదాలు. 40 రేటు ఆ నమ్మకం మీద ఇచ్చినదే, దాంట్లో మార్పు ఉండదు.” రెండో వాక్యం నిజమైతేనే రాయండి. ఇదే రేటు ఆలస్యంగా కట్టేవాళ్లకూ ఇస్తున్నారని ఆయనకు తెలిస్తే మాట పోతుంది. అలాంటప్పుడు మొదటి వాక్యం తర్వాత “రేటులో మార్పు ఉండదు” అని ఆపేయండి.

ఆలస్యంగా కట్టి, డిస్కౌంట్ కోసుకుంటే

జూన్ 20న ఖాతాలో 1,96,000 పడింది. ఇక్కడ మళ్లీ కోపంతో ఒక డ్రాఫ్ట్ తయారవుతుంది. దాన్ని ఇలా తగ్గించండి: “జూన్ 20న 1,96,000 అందింది, ధన్యవాదాలు. డిస్కౌంట్ గడువు జూన్ 13తో ముగిసింది కాబట్టి ఈ బిల్లులో ఇంకా 4,000 రావాలి. జూలై 6 కల్లా పంపగలరు.” కింద మీ పాత జవాబును జత చేయండి. అప్పుడు తేదీ, ‘జమ అయితే’ అన్న మాట, పూర్తి మొత్తం అన్న వాక్యం, మూడూ ఒకేచోట వాళ్లకు కనిపిస్తాయి.

ఒక్క రోజు ఆలస్యమైతే? డబ్బు 13న బయల్దేరి 14 ఉదయం పడితే నేనైతే 4,000 కోసం పట్టుబట్టను. కానీ మౌనంగా వదిలేస్తే, వచ్చేసారి 13 అన్నది 16 అవుతుంది. “14న అందింది. ఈ బిల్లుకు డిస్కౌంట్ ఇస్తున్నాం, గడువు మాత్రం 13నే” అని ఒక లైన్ రాసి పంపి, అదే మాట లెడ్జర్‌లో ఆ ఎంట్రీ పక్కన కూడా రాసుకుంటాను.